మీరు ఎక్కువ కట్టిన డబ్బు మా లెక్కల్లో ఎక్కడుంది

“మేము బిల్లు కంటే ఎక్కువే కట్టాం. ఆ డబ్బు మీ దగ్గరే పెట్టుకుని, కొత్త బిల్లు బాకీ ఉందని మాకే రిమైండర్ పంపిస్తారా?”

ఆ డబ్బు ఎక్కడికీ పోలేదు, మీ పేరు మీదే జమై ఉంది. కాకపోతే ఏ బిల్లుకూ జోడించకుండా విడిగా ఉండిపోయింది. రిమైండర్ వెళ్లడం మాత్రం పూర్తిగా మా తప్పు. ఇలా అడిగిన కస్టమర్ అనుమతితోనే ఆయన ఖాతాలో ఏం జరిగిందో, పేరు చెప్పకుండా ఇక్కడ రాస్తున్నాను. మీలో ఇంకొందరి ఖాతాల్లోనూ ఇలాంటి మిగులు ఉంది కాబట్టి ఇది అందరికీ తెలియాలి.

ఆయనకు మేం వేసిన 118వ నంబరు బిల్లు 46,200. పదో తేదీన ఆయనే ఫోన్‌లోంచి ఆ మొత్తం పంపారు. ఆ సంగతి తెలియని వాళ్ల అకౌంటెంట్ పన్నెండో తేదీన అదే బిల్లుకు మళ్లీ 46,200 పంపాడు. రెండింటి మీదా 118 అనే రాసి ఉంది. మొదట వచ్చిన డబ్బుతో బిల్లు చెల్లిపోయింది. రెండోసారి వచ్చిన డబ్బుకు అతుక్కోవడానికి బిల్లు మిగల్లేదు. అలాంటప్పుడు లెక్కల సాఫ్ట్‌వేర్ ఆ రసీదును కస్టమర్ ఖాతాలో జమ చేసి, ఏ బిల్లుకూ కలపకుండా వదిలేస్తుంది. దీన్నే అన్‌అప్లైడ్ క్రెడిట్ అంటారు. డబ్బు వచ్చింది, ఎవరిదో తెలుసు, దేనికోసమో మాత్రం ఇంకా తేలలేదు అని దాని అర్థం.

ఇక్కడ ఒక మాట. ఆ 46,200 మా ఆదాయం కాదు. దానికి బదులుగా మేం సరుకేమీ పంపలేదు. అడిగితే తిరిగి ఇవ్వాల్సిన డబ్బు, అంటే మేం మీకు పడ్డ బాకీ. మా బ్యాంకులో నిల్వ ఎక్కువ కనిపించినంత మాత్రాన అది మా సొమ్ము అయిపోదు.

నెల తర్వాత ఆయనకు 131వ నంబరు బిల్లు వేశాం, 31,500. గడువు 30 రోజులు. 31వ రోజు పొద్దున్నే రిమైండర్ దానంతటదే వెళ్లిపోయింది. ఎందుకంటే మా రిమైండర్ ఒక్కో బిల్లును విడివిడిగా చూస్తుంది. 131 తెరిచి ఉందా, గడువు దాటిందా, ఈ రెండే దానికి కావాలి. పక్కనే అదే ఖాతాలో 46,200 జమగా కూర్చుని ఉన్న సంగతి దానికి పట్టదు. ఖాతా మొత్తం చూస్తే మేమే ఆయనకు 14,700 ఇవ్వాలి. బిల్లు ఒక్కటే చూస్తే ఆయనే మాకు 31,500 ఇవ్వాలి.

రిమైండర్ చూసి వాళ్ల అకౌంటెంట్ కంగారుపడి 31,500 పూర్తిగా కట్టేశాడు. దాంతో 131 చెల్లిపోయింది, పాత 46,200 అలాగే ఉండిపోయింది. ఇంకో నెల గడిచాక 140వ నంబరు బిల్లు, 28,000. దానికీ రిమైండర్ వెళ్లింది. అప్పుడు ఆయన ఫోన్ చేసి అడిగిన మాటే పైన రాశాను. ఆయన కోపం న్యాయమైనదే. రెండు నెలలకు పైగా ఆయన డబ్బు మా దగ్గర ఉంచుకుని, ఆయన్నే రెండుసార్లు బాకీదారుగా నిలబెట్టాం.

“మిగులు ఉన్నప్పుడు తర్వాతి బిల్లులో దానంతటదే తగ్గిపోయేలా పెట్టుకోవచ్చు కదా” అని మీలో చాలామంది అడుగుతారు. ఆ సదుపాయం ఉంది. కావాలనే ఆపేశాం. దానికి కారణం ఇంకో కస్టమర్ విషయంలో జరిగింది. ఆయనకు ఒక బిల్లులో సరుకు తక్కువ వచ్చింది. లెక్క తేలేదాకా ఆ బిల్లు కట్టనని రాసి పంపారు. ఈలోగా వేరే బిల్లుకు కాస్త ఎక్కువ కట్టారు. ఆటోమేటిక్ పద్ధతిలో మిగులు ముందుగా అన్నిటికంటే పాత బిల్లుకు వెళ్తుంది. పాత బిల్లంటే ఆ తగాదాలో ఉన్నదే! ఆయన ఒప్పుకోని బిల్లుకు ఆయన డబ్బే కొంత చెల్లయినట్టు మా స్టేట్‌మెంట్ చూపించింది. చూసినవాళ్లెవరైనా ఆయన ఆ బిల్లును సగం ఒప్పుకున్నారనే అనుకుంటారు. మీ డబ్బు ఏ బిల్లుకు చేరాలో మీరు చెప్పాలి కానీ యంత్రం తేల్చకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాను. ఆ నిర్ణయం ఇప్పటికీ సరైనదే అనుకుంటున్నాను. అయితే యంత్రాన్ని ఆపినప్పుడు ఆ పని చూసే మనిషిని పెట్టాలి. అది చేయలేదు. జోడించని రసీదుల జాబితా తీసి చూసే బాధ్యత మా ఆఫీసులో ఎవరికీ అప్పగించలేదు.

ఫోన్ వచ్చాక సరిదిద్దబోయి ఇంకో తప్పు చేశాం. అదీ చెప్తాను. 140వ బిల్లును చెల్లు చేయమంటే మా కుర్రాడు 28,000కు కొత్త రసీదు రాశాడు. బిల్లు మూసుకుంది, చూడ్డానికి బాగానే ఉంది. కానీ అడ్జస్ట్‌మెంట్ అంటే కొత్తగా డబ్బు రావడం కాదు. ఎప్పుడో వచ్చిన రసీదును ఇప్పటి బిల్లుతో ముడివేయడమే. బ్యాంకు ఖాతా కదలకూడదు. కొత్త రసీదు రాయడంతో మా పుస్తకంలో బ్యాంకు నిల్వ అసలు కంటే 28,000 ఎక్కువ చూపించింది, ఆయన మిగులు 46,200 చెక్కుచెదరకుండా అలాగే ఉంది. నెలాఖరులో బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూస్తుంటే ఆ తేడా బయటపడింది. ఆ రసీదు రద్దు చేసి, పన్నెండో తేదీ నాటి పాత రసీదునే తెరిచి, అందులోంచి 28,000 తీసి 140కి జోడించాం. మిగిలింది 18,200. ఉంచమంటారా, పంపమంటారా అని అడిగితే పంపమన్నారు. మర్నాడే పంపించాం.

మీ వైపూ ఇలాంటిదే జరగొచ్చు. మేం మిగులును జోడించినా, మీ అకౌంటెంట్ పుస్తకంలో ఆ ఎక్కువ కట్టినది మా పేరు మీద అడ్వాన్సుగా రాసి ఉండకపోతే, ఆయనకు కొత్త బిల్లు మొత్తం బాకీగానే కనిపిస్తుంది. మళ్లీ మొత్తం కట్టేస్తారు, మిగులు మళ్లీ పుడుతుంది. అందుకే ఇకమీదట జోడించిన ప్రతిసారీ ఏ తేదీ రసీదులోంచి ఎంత తీశామో, ఏ బిల్లుకు కలిపామో, ఇంకా ఎంత మిగిలిందో ఒక చిన్న కాగితం పంపిస్తాం. దాన్ని మీ అకౌంటెంట్‌కు ఇవ్వండి.

చిన్న మొత్తాల మిగులుకు చాలాసార్లు కారణం అంకెలు తారుమారవడమే. 18,450 బిల్లుకు 18,540 వస్తుంది. తేడా 90. పక్కపక్క అంకెలు అటూ ఇటూ మారితే తేడా ఎప్పుడూ 9తో నిశ్శేషంగా భాగించబడుతుంది. అంతమాత్రాన 9తో భాగించబడే ప్రతి తేడా అలాంటి పొరపాటే అని కాదు గానీ, మేం మొదట అక్కడే వెతుకుతాం. ఇలాంటివి ఏడాది చివర్లో “రౌండాఫ్” పద్దులో వేసి మూసేసే అలవాటు మాకు ఉండేది. ఒక్కొక్కటి చూస్తే చిన్నదే, కానీ మీరు ఇవ్వాలనుకోని డబ్బును మా లాభంలో కలుపుకోవడమే అది. అలా మూసినవన్నీ పోయిన నెల వెనక్కి తీసి, ఎవరివి వాళ్ల ఖాతాల్లో మళ్లీ జమ చేశాం.

రీఫండ్ విషయంలో ఒక్క నియమం దగ్గర మాత్రం మేం పట్టుగా ఉంటాం. డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చిందో తిరిగి ఆ ఖాతాకే పంపిస్తాం. అదీ వచ్చిన మొత్తం బ్యాంకులో పూర్తిగా ఖరారయ్యాకే. చెక్కు వేసిన రోజే నిల్వలో కనిపించవచ్చు, తర్వాత అది వెనక్కి రావచ్చు. కార్డు మీద కట్టినదాన్ని కార్డుదారు బ్యాంకుకు ఫిర్యాదు చేసి వెనక్కి తీసుకోవచ్చు. ఈ సందునే వాడుకునే మోసం ఒకటుంది. కావాలని ఎక్కువ కట్టి, “పొరపాటున పంపాం, తేడా వెంటనే ఫలానా ఖాతాకు వేయండి” అని తొందరపెడతారు. ఆ తేడా వేశాక అసలు చెల్లింపు రద్దవుతుంది. మీ పేరు వాడుకుని ఎవరైనా మాకు అలాంటి మెయిల్ పంపినా, మీ డబ్బు వేరే చోటికి పోకుండా ఈ నియమమే ఆపుతుంది. మీ పాత ఖాతా మూతపడి ఉంటే చెప్పండి. మా దగ్గర మొదటి నుంచీ ఉన్న మీ నంబరుకు మేమే ఫోన్ చేసి కనుక్కుంటాం. మెయిల్‌లో ఇచ్చిన కొత్త నంబరుకు చేయం.

ఇప్పుడు మా దగ్గర మారినవి చెప్తాను. ప్రతి సోమవారం జోడించని రసీదుల జాబితా తీసి నేనే చూస్తున్నాను. జమ ఉన్న ఖాతాకు రిమైండర్ వెళ్లాలంటే ముందు ఒక మనిషి చూసి సరే అనాలి. మీకు వచ్చే స్టేట్‌మెంట్‌లో ఇదివరకు చివర ఒకే అంకె ఉండేది. ఇకపై కట్టాల్సిన బిల్లుల మొత్తం, జోడించకుండా ఉన్న జమ, మొదటిదాంట్లోంచి రెండోది పోగా తేలిన నికరం మూడూ విడిగా ఉంటాయి. నికరం ఒక్కటే చూపిస్తే తగాదా బిల్లు, మిగులు ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి. అందుకే ఈ మార్పు.

ప్రస్తుతం ఎవరెవరి పేరు మీద మిగులు ఉందో వాళ్లందరికీ ఎంత ఉంది, ఏ తేదీ రసీదులోది అని విడిగా ఉత్తరం వెళ్లింది. దాని మీద ఏ బిల్లుకు కలపమంటారో నంబరు రాయండి, లేదా “తిరిగి పంపండి” అని రాయండి. ముందు ముందు రాబోయే ఆర్డరుకు అడ్వాన్సుగా ఉంచమన్నా ఉంచుతాం, అప్పుడు అదే మాట రాయండి. ఏమీ రాయకపోతే మీ డబ్బును ఏ బిల్లుకూ కలపం. మీ పేరు మీదే ఉంచి, నెల తిరిగాక ఫోన్ చేసి అడుగుతాం.