ఉప్పును వదిలేసి సముద్రపు పొరలు చెబితే ఎలా?

సంపాదకులు గారికి నమస్కారం.

పది రోజుల క్రితం మీ ఆదివారం విజ్ఞాన పేజీలో సముద్రపు నీటిపై వచ్చిన వ్యాసానికి సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. వేయలేదు కనుక రాయక తప్పడం లేదు. నదులు ఏటా ఉప్పు తెచ్చి కలపడం వల్ల సముద్రం నానాటికీ మరింత ఉప్పగా మారుతోందని, పైన వెచ్చని నీరు, అడుగున చల్లని నీరు ఉండటమే సముద్రపు పొరలని అందులో రాశారు. మొదటి మాట తప్పు. రెండోది బంగాళాఖాతం ఒడ్డున బతికే మనకు సరిపోని మాట.

వాన నీరు రాళ్లను కొద్దికొద్దిగా కరిగించి, ఆ లవణాలను నదుల ద్వారా కడలికి చేరుస్తుందన్నది నిజమే. సముద్రగర్భంలోని వేడి ఊటలూ, అగ్నిపర్వతాలూ మరికొంత కలుపుతాయి. అయితే వచ్చినది వచ్చినట్టు అక్కడే పోగుపడదు. నది తెచ్చే కాల్షియాన్ని గుల్లజీవులు తీసుకుంటాయి. సోడియం కోట్ల సంవత్సరాలు నీటిలో నిలిచి, చివరకు అడుగు బురదలోకీ రాళ్లలోకీ చేరుతుంది. రాక, పోక దాదాపు సరిపోవడం వల్లనే కిలో నీటికి సగటున 35 గ్రాముల లవణం దగ్గర సముద్రం నిలకడగా ఉంది. మీ వ్యాసకర్త చెప్పినట్టే సోడియం పోగుపడుతూ వచ్చిందనుకుని 1899లో జాన్ జోలీ అనే ఐరిష్ శాస్త్రవేత్త సముద్రాల వయసు లెక్కగడితే, సుమారు 9 కోట్ల సంవత్సరాలని తేలింది. భూమి వయసు 450 కోట్ల ఏళ్లకు పైమాటే. లెక్క ఎక్కడ తప్పిందో దీన్నిబట్టే తెలుస్తుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది రెండో మాట. నీరు వేడెక్కితే తేలికవుతుంది, ఉప్పు పెరిగితే బరువెక్కుతుంది. ఏ నీరు పైన తేలాలో, ఏది కిందికి దిగాలో నిర్ణయించేది ఈ రెండూ కలిసిన సాంద్రత. వర్షాకాలం ముగిశాక గంగా బ్రహ్మపుత్రల మంచినీరు, మహానది నీటిని కూడా కలుపుకుని, ఒడ్డు వెంబడి ప్రవాహంలో మన తీరం మీదుగా దక్షిణానికి సాగుతుంది. గోదావరి ఎర్రనీరు కడలిలో ఎంత దూరం కనిపిస్తుందో చూసిన మత్స్యకారులకు ఇది కొత్త విషయం కాదు.

ఉదాహరణకు అక్టోబరులో ఒకచోట పై నీటిలో కిలోకు 31 గ్రాముల ఉప్పు, 50 మీటర్ల లోతున 34 గ్రాములు ఉన్నాయనీ, రెండు చోట్లా వేడి 29 డిగ్రీలే అనీ అనుకుందాం. వేడి ఒక్కటే చూసేవారికి ఆ 50 మీటర్లూ ఒకే పొరగా, గాలికి సులువుగా కలిసిపోయే నీరుగా కనిపిస్తాయి. నిజానికి ఘనపు మీటరు పై నీరు కింది నీటికంటే సుమారు 2 కిలోలు తేలిక. ఆ తేడా పోవాలంటే పై నీరు దాదాపు 7 డిగ్రీలు చల్లబడాలి. అందుకే గాలి పై పదిహేను, ఇరవై మీటర్లను మాత్రమే కలపగలుగుతుంది. దాని కింద వెచ్చగానే ఉన్నా ఉప్పెక్కువైన నీరు అడ్డుగోడలా నిలుస్తుంది. దీన్నే శాస్త్రవేత్తలు బ్యారియర్ లేయర్, అంటే అడ్డుపొర అంటారు. వేడి చకచకా తగ్గే థర్మోక్లైన్ దానికీ దిగువన మొదలవుతుంది. ఆ తర్వాత వేల మీటర్ల లోతు వరకు ఉన్నది చల్లని నీరే.

దీనివల్ల తుపాను వేళ ఏం జరుగుతుందో మీ వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేదు. మామూలుగా తుపాను గాలి కింది చల్లని నీటిని పైకి తోడి, తనకు ఆధారమైన వేడిని తానే తగ్గించుకుంటుంది. అడ్డుపొర మందంగా ఉన్నప్పుడు పైకి వచ్చేది మళ్లీ వెచ్చని నీరే కనుక ఆ చల్లబాటు తక్కువగా ఉంటుంది. నెమ్మదిగా కదిలే బలమైన తుపాను దాన్నీ ఛేదించగలదు. మంచినీటి ప్రభావం తగ్గిపోయిన ఏప్రిల్, మే నెలల్లో ఆ పొర అంత మందంగానూ ఉండదు. కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకిన కాలం, ఈ మంచినీరు తీరం వెంట దిగివచ్చే కాలమే.

ఇంత దగ్గరి విషయం పిల్లలకు చెప్పే దిక్కు లేదు. నేను ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన పుస్తకాల్లోనూ ఉష్ణోగ్రత గీత ఒక్కటే ఉండేది. లవణీయత గీత ఎప్పుడూ లేదు. ఆమధ్య తుపాను సన్నద్ధతపై జరిగిన ఒక సమావేశంలో వేదికపైనున్న అధికారిని ఈ పొర గురించి అడిగితే, ఉపరితల ఉష్ణోగ్రత చూస్తే చాలదా అని ఆయన తిరిగి నన్నే అడిగారు. పది రోజులకోసారి 2,000 మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ వేడినీ ఉప్పునూ రెండింటినీ కొలిచే ఆర్గో పరికరాలు బంగాళాఖాతంలో తిరుగుతున్నాయి. ఆ కొలతలు హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వద్దే ఉన్నాయి.

దయచేసి అక్టోబరు నెలకు చెందిన అటువంటి కొలత ఒకటి తీసుకుని, ఉష్ణోగ్రత గీతను, లవణీయత గీతను పక్కపక్కన అచ్చువేయండి. మొదటి గీత 50 మీటర్ల వరకు నిలువుగా దిగుతుంటే, రెండోది 20 మీటర్ల లోపే ఎలా పక్కకు తిరుగుతుందో పిల్లలే చూసుకుంటారు.

– ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, కాకినాడ