విశాఖలో దిగి కోరాపుట్ వచ్చే మా అతిథులకు: బండి విషయంలో మార్పులు

"మా ఫ్లైట్ లేటయితే మీ బండి ఉంటుందా, వెళ్లిపోతుందా? దిగాక ఎక్కడ నిలబడాలి, ఎవరికి ఫోన్ చేయాలి?" అని జనవరిలో రావాల్సిన ఒక అతిథి అడిగారు.

బండి ఉంటుంది. గత నెల వరకు ఈ మాట ఆలోచించకుండా చెప్పేవాణ్ని. డిసెంబరులో జరిగినదాని తర్వాత చెప్పే అర్హత ఉందా అని నన్ను నేనే అడిగి, ఏర్పాట్లన్నీ మార్చి, ఇప్పుడు మళ్లీ చెబుతున్నాను. మా దగ్గరికి ఏటా వచ్చేవాళ్లకు అసలు సంగతి తెలియాలి.

బెంగళూరు నుంచి ఒక పెద్దాయన, ఆయన భార్య వస్తున్నారు. హైదరాబాద్‌లో విమానం మారాలి. విశాఖలో మధ్యాహ్నం 1:40కి దిగుతామని రాశారు. బెంగళూరు విమానం ఆలస్యమై హైదరాబాద్‌లో రెండోది తప్పిపోయింది. ఎయిర్‌లైన్ వాళ్లు సాయంత్రం విమానంలో సీట్లు ఇచ్చారు. ఆ కంగారులో వాళ్లు మాకు ఫోన్ చేయలేదు, అది వాళ్ల తప్పు కాదు. 1:40 విమానం సరిగ్గా సమయానికే దిగింది. అందులో వాళ్లు లేరు. మేం బండి మాట్లాడుకున్న విశాఖ ట్యాక్సీ ఏజెన్సీ డ్రైవర్ మూడింటి దాకా చూసి వెళ్లిపోయాడు. వెళ్లిపోతున్నానని ఏజెన్సీకి చెప్పాడు, ఏజెన్సీ నాకు చెప్పలేదు.

దంపతులు 6:50కి దిగారు. ఏజెన్సీ ఇంకెవరిదో బండి అడిగి తెచ్చి, ఎనిమిదింటికి ఎక్కించింది. ఆ డ్రైవర్‌కు సాలూరు నుంచి కోరాపుట్‌కు కొండెక్కే సుంకి ఘాటీ గురించి తెలియదు. పదకొండు కావస్తుండగా సాలూరు చేరి, పైన మంచు కమ్మేసిందని విని, ఇక ఎక్కనన్నాడు. ఎక్కకపోవడం సరైనదే. కానీ డెబ్బై ఏళ్లు దాటిన ఇద్దరినీ సామానుతో సహా పెట్రోల్ బంకు దగ్గర దింపి వెనక్కి తిప్పుకుపోయాడు. ఆవిడ ఫోన్ చేసి, "బాబూ, ఇక్కడ కుర్చీ కూడా లేదు" అన్నారు. ఆ మాట ఇంకా నా చెవిలోనే ఉంది.

నేను కోరాపుట్ నుంచి బయల్దేరి, మంచులో ఘాటీ దిగి, ఒకటిన్నరకు చేరాను. వాళ్లను రాత్రికి రాత్రి పైకి తీసుకురాలేదు. సాలూరులోనే గది తీసుకుని, పొద్దున ఎండ వచ్చాక ఎక్కాం. నేను ఆ రాత్రి దిగి ఉండాల్సింది కాదని మా ఇంట్లో అంటారు. దిగకుండా ఎలా ఉంటాను?

ఆ ఏజెన్సీతో మాది తొమ్మిదేళ్ల పొత్తు. మర్నాడు క్షమాపణ అడుగుతారనుకున్నాను. "గెస్టులు టైం చెప్పలేదు కదా సార్" అన్నారు. తర్వాత రేటు తగ్గిస్తామని రెండుసార్లు కబురు పెట్టారు. తీసుకోలేదు, తీసుకోను. ఇప్పుడు కోరాపుట్‌కే చెందిన ఇద్దరు డ్రైవర్లతో నేరుగా మాట్లాడుకున్నాను. ఈ ఘాటీ వాళ్లకు వీధి లాంటిది. రెండూ OD 10 నంబరు, పసుపు ప్లేటు బళ్లు, ఆంధ్రాలోకి వెళ్లే పర్మిట్ ఉన్నవి. ఛార్జీ 500 రూపాయలు పెరిగింది. పొద్దున్నే దిగే విమానమైతే డ్రైవర్ ముందు రోజే వెళ్లి విశాఖలో పడుకోవాలి కాబట్టి అతని బస ఖర్చు అదనం.

ఎక్కడ నిలబడాలంటే, ఎక్కడా వెతుక్కోవద్దు. సామాను తీసుకుని అరైవల్ గుమ్మం దాటి బయటికి రండి. లోపలికి డ్రైవర్‌ను రానివ్వరు, అందుకే రెయిలింగ్ అవతల మీ పేరు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాసిన బోర్డు పట్టుకుని ఉంటాడు. బండి పార్కింగ్‌లో ఉంటుంది, గుమ్మం ముందు ఎక్కువసేపు ఆపనివ్వరు. ముందు రోజు సాయంత్రం డ్రైవర్ పేరు, ఫోన్ నంబరు, బండి నంబరు మీకు మెసేజ్ వస్తుంది. "మీ బండి రాలేదు, నేను దించుతా" అని ఎవరైనా దగ్గరికొస్తే, బండి నంబరులో చివరి నాలుగంకెలు అడగండి. చెప్పలేకపోతే అతను మావాడు కాదు.

డ్రైవర్ ఫోన్ కలవకపోతే టెన్షన్ పడకండి. అతను దిగి వచ్చేటప్పుడు ఘాటీలో కొంతదూరం టవర్ దొరకదు. అదే మెసేజ్‌లో నా నంబరూ ఉంటుంది, అది రాత్రీ పగలూ నా దగ్గరే ఉంటుంది.

ఇక ఆలస్యం సంగతి. మాకు దిగే టైం కాదు, ఫ్లైట్ నంబరు పంపండి. విమానం మారేవాళ్లు రెండు నంబర్లూ పంపండి. నంబరుంటే అది ఎప్పుడు లేచిందో, ఎప్పుడు దిగుతుందో మేమే చూసుకుంటాం. ఆ విమానం ఎంత లేటైనా డ్రైవర్ అక్కడే ఉంటాడు, వెయిటింగ్ ఛార్జీ, పార్కింగ్ మావే. మేం చూడలేనిది ఒక్కటే: మీరు ఆ విమానంలో ఉన్నారా లేదా. అందుకే విమానం తప్పిపోయి వేరేదాంట్లో వేస్తే కొత్త నంబరు ఒక్కటి మెసేజ్ చేయండి చాలు. ఒకవేళ మీ నుంచి ఏమీ రాకపోయినా, విమానం దిగిన గంటకు కూడా మీరు కనబడకపోతే డ్రైవర్ నాకు చెబుతాడు, నేను మీకు ఫోన్ చేస్తాను. నేను చెప్పేదాకా అతను కదలడు.

నాకు నిద్ర పట్టనివ్వనిది దీని తర్వాతి నిర్ణయం. రాత్రి ఘాటీ ఎక్కాలా, వద్దా? ఎయిర్‌పోర్టు నుంచి విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరుకు మూడు గంటలు. అక్కడి నుంచి సుంకి, పొట్టంగి, సిమిలిగుడ దాటి కోరాపుట్‌కు రెండు. చలికాలంలో రాత్రి పెరిగేకొద్దీ మంచు దట్టమవుతుంది, పొద్దున ఎనిమిది దాకా విడవదు. రాయ్‌పుర్, విశాఖ మధ్య తిరిగే లోడు లారీలు మలుపుల్లో ఆగిపోతాయి, వెనక లైటు వెలగని లారీ పది అడుగుల దూరానికి వచ్చేదాకా కనబడదు. అసలు చీకట్లోనే ఎక్కకూడదంటే, మధ్యాహ్నం తర్వాత దిగేవాళ్లెవరూ మా దగ్గరికి రాలేరు. ఊళ్లో వేరేవాళ్లు ఏ టైమైనా తీసుకొస్తామంటున్నారు, మా బుకింగులు పోతాయని మా తమ్ముడు గట్టిగానే అన్నాడు. డ్రైవర్లిద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడాను. సాలూరు ఎనిమిదింటికల్లా దాటితే పదింటికి ఇంట్లో ఉండొచ్చన్నారు. అలా వెనక్కి లెక్కేస్తే మీరు ఎయిర్‌పోర్టు బయట ఐదింటికి ఉండాలి, అంటే విమానం సాయంత్రం 4:30 లోపు దిగాలి.

4:30 తర్వాత దిగితే ఆ రాత్రి విజయనగరంలో ఆగుతాం. గది మేమే చూస్తాం. పొద్దున ఏడింటికి బయల్దేరితే ఎనిమిదిన్నరకు సాలూరు, అప్పటికి మంచు విడుతుంది. విమానం లేటవడం వల్ల ఆగాల్సి వస్తే ఆ గది అద్దె మాది, కోరాపుట్‌లో ఆ రాత్రి అద్దె కూడా తీసుకోం. సాయంత్రం విమానం మీరే ఎంచుకున్నదైతే గది ఖర్చు మీది. "నాకేం కాదు, పోనివ్వు" అని డ్రైవర్‌ను బతిమాలొద్దు. ఒప్పుకుంటే అతని పని పోతుందని ముందే చెప్పాను.

వాతావరణం బాగోక విమానం విశాఖలో దిగకుండా హైదరాబాద్‌కు తిరిగిపోతే, ఎయిర్‌లైన్ ఇచ్చే తర్వాతి విమానం నంబరు పంపండి. రైల్లో వచ్చేస్తామంటే విశాఖ స్టేషన్‌కే బండి పంపుతాం. భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టుకు విమానాలు మారాక సాలూరు దగ్గరవుతుంది, అప్పుడు ఈ 4:30 లెక్క మళ్లీ వేస్తాను.

జనవరి, ఫిబ్రవరి నెలలకు ఇప్పటికే బుక్ చేసుకున్నవాళ్లలో ఆరుగురి విమానాలు 4:30 తర్వాతే దిగుతున్నాయి. వాళ్లకు ఈ వారం నేనే ఫోన్ చేస్తున్నాను. పాత ఛార్జీకే తీసుకొస్తాను. విజయనగరంలో ఆగడం ఇష్టం లేదంటే కట్టిన అడ్వాన్సు మొత్తం వెనక్కి ఇస్తాను.