డిలీట్ చేసిన మెసేజ్ మా బ్యాకప్‌లో ఎన్నాళ్లుంటుంది?

"లండన్‌లో ఉన్న ఒకావిడ, పాప ఆరోగ్యం గురించి రాసిన మెసేజ్‌లు తీసేయమంటే తీసేశాను. తీసేశాక కూడా ఐదు వారాల దాకా మీ బ్యాకప్‌లో ఉండొచ్చంటున్నారు. ఆవిడకి నేనేం చెప్పాలి?" (మారతహళ్లి నుంచి ఆన్‌లైన్ కూచిపూడి క్లాసులు నడిపే మేడమ్ అడిగారు.)

మేడమ్, ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మీకు, ఆవిడకి, మా సపోర్ట్ వాళ్లకి కూడా ఆ మెసేజ్‌లు ఇక కనపడవు. మిగిలింది పాత కాపీల సంగతి.

మా యాప్‌లో ప్రతి ఆదివారం తెల్లవారుజామున మొత్తం డేటాబేస్‌కి ఫుల్ బ్యాకప్ తీస్తాం. మళ్లీ ఆదివారం వచ్చేదాకా జరిగే ప్రతి మార్పూ ఒక లాగ్‌లో వరసగా పడుతుంది. ఈ రెండూ ఉంటేనే, సర్వర్ పాడైతే గత 28 రోజుల్లో ఏ నిమిషానికైనా వెనక్కి వెళ్లగలం. చిక్కంతా ఇక్కడే. ఫిబ్రవరి 1 ఆదివారం అనుకోండి, ఆ రోజు తీసిన బ్యాకప్‌లో మీ మెసేజ్ ఉంది. మీరు 3న, మంగళవారం డిలీట్ చేశారు. 8న తీసే బ్యాకప్‌లో అది ఉండదు. కానీ 7వ తేదీ నాటి స్థితికి వెళ్లాలంటే 1వ తేదీ బ్యాకప్ మీదే లాగ్‌ని నడిపించాలి. అందుకని 8వ తేదీకి 28 రోజులు నిండేదాకా, అంటే మార్చి 8 దాకా, 1వ తేదీది పారేయలేం. డిలీట్ చేసింది మంగళవారం కాబట్టి 33 రోజులు. శనివారమైతే 29, ఆదివారం బ్యాకప్ అయిన వెంటనే అయితే 35. పొద్దున పంపి సాయంత్రం తీసేసిన మెసేజ్ ఫుల్ బ్యాకప్‌లో లేకపోయినా లాగ్‌లో ఉంటుంది, దానికీ ఇదే లెక్క.

ఆ ఒక్క మెసేజ్‌ని బ్యాకప్‌లోంచి ఏరేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. కుదరదు. బ్యాకప్ అంతా కుదించి, ఎన్‌క్రిప్ట్ చేసిన ఒకే ముద్ద. ఒక్క వరస తీయాలంటే మొత్తం విప్పి, ఇంకో సర్వర్‌లో నిలబెట్టి, తీసేసి, మళ్లీ కట్టాలి. ఒకరి మెసేజ్ కోసం అందరి డేటానూ బయట పెట్టడమే అది. పైగా ఫైళ్లను లాక్ చేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ భయంతో ఆ ఫైళ్లకు గడువు తాళం వేశాం, అది తీరకముందు నేను కూడా చెరపలేను.

ఆవిడకి వర్తించేది బ్రిటన్ డేటా రక్షణ చట్టం, జీడీపీఆర్. 17వ ఆర్టికల్ చెరిపేయమని అడిగే హక్కు ఇస్తుంది, ఏం చేశారో నెలలోపు జవాబివ్వాలని 12వ ఆర్టికల్ అంటుంది. 33 రోజులు నెల దాటుతుందిగా అని మీకు అనుమానం రావచ్చు. అక్కడి నియంత్రణ సంస్థ ఐసీఓ మార్గదర్శకాలు దీన్ని ముందే ఊహించాయి: నడిచే సిస్టమ్‌లో వెంటనే తీసేయాలి, బ్యాకప్‌లో ఉన్నది కొత్త బ్యాకప్‌లు వచ్చి పాతది పోయేదాకా ఉండొచ్చు, కానీ ఈలోగా దాన్ని మరే పనికీ వాడకూడదు, ఈ సంగతి అడిగినవాళ్లకి స్పష్టంగా చెప్పాలి. కాబట్టి నెలలోపు ఆవిడకి వెళ్లాల్సింది మీ జవాబు, అందులో బ్యాకప్ పోయే తేదీ కూడా ఉండాలి. మన దేశంలో 2023 డేటా రక్షణ చట్టంలో కూడా చెరిపించుకునే హక్కు రాసి ఉంది. బ్యాకప్‌లు ఇన్ని రోజుల్లో పోవాలన్న లెక్క మాత్రం అందులో లేదు.

నాకు నిజంగా టెన్షన్ పెట్టేది ఆ రోజుల లెక్క కాదు, రీస్టోర్. సర్వర్ పోయి 2వ తేదీ నాటి స్థితికి వెళ్తే, 3న మీరు తీసేసిన మెసేజ్ మళ్లీ లేచి కూర్చుంటుంది. అందుకే డిలీట్ అయిన ప్రతి మెసేజ్ ఐడీని, తీసేసిన సమయాన్ని డేటాబేస్ బయట వేరే జాబితాలో రాస్తాం. మెసేజ్‌లో ఏముందో అందులో ఉండదు. రీస్టోర్ అయ్యాక ఆ జాబితా ప్రకారం మళ్లీ డిలీట్ చేసి, ఆ తర్వాతే యాప్ తెరుస్తాం. ఆ జాబితా కూడా అదే బ్యాకప్‌లో ఉంటే అదీ 2వ తేదీకే వెళ్లిపోతుంది, ఇక దండగ. వేరే ఏ యాప్ వాడుతున్నా వాళ్లని ఈ ఒక్క ప్రశ్న అడగండి: రీస్టోర్ చేశాక నేను డిలీట్ చేసినవి ఏమవుతాయి? నీళ్లు నమిలితే అర్థం చేసుకోవచ్చు.

ఇంకో రెండు చోట్ల పాతవి దాక్కుంటాయి. యాప్ వెర్షన్ మార్చే ముందు ఇంజనీర్ చేత్తో తీసుకునే డేటాబేస్ కాపీకి, అంటే స్నాప్‌షాట్‌కి, గడువు దానంతట అది పడదు. 35 రోజులు దాటిన ఫైల్ ఏదైనా ఉందేమోనని ప్రతి సోమవారం స్టోరేజ్ జాబితా చూస్తాం. ఇక ఫొటోలు. వెర్షనింగ్ ఉన్న స్టోరేజ్‌లో డిలీట్ అంటే పైన ఒక గుర్తు పడటమే, పాత వెర్షన్ కింద అలాగే ఉంటుంది. పాత వెర్షన్లు 30 రోజులకు పోయేలా రూల్ పెట్టాం.

అవతలివాళ్ల ఫోన్‌లో తీసుకున్న స్క్రీన్‌షాట్ మీద మా చెయ్యి పడదు, ఆవిడకి అదీ చెప్పండి. ఈ నెల నుంచి డిలీట్ అభ్యర్థనకు వెళ్లే మెయిల్‌లో బ్యాకప్ చివరి తేదీని మేమే రాసి పంపుతాం, మీరు దాన్ని అలాగే ఆవిడకి ఫార్వర్డ్ చేస్తే చాలు.