వ్యాసం అర్థమైందో లేదో తేల్చే ప్రశ్నలు

సంపాదకులు గారికి నమస్కారం.

డిగ్రీ విద్యార్థులు సమర్పించే వ్యాసంపై పది నిమిషాల వైవా పెట్టడం మంచిదే కానీ, "మూడో పేరాలో ఏం రాశావు?" వంటి ప్రశ్నతో జ్ఞాపకశక్తి తప్ప అవగాహన తేలదు. అందుకే భూగోళశాస్త్ర అధ్యాపకుడిగా నేను వ్యాసం ప్రతిని విద్యార్థి చేతిలోనే ఉంచి ప్రశ్నిస్తాను.

తీరం వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి సాగే ఇసుకను ఓడరేవు నిర్మాణాలు అడ్డుకోవడమే, రేవుకు ఉత్తరాన ఉన్న విశాఖ ఆర్కే బీచ్ కోతకు ఒక ముఖ్య కారణమని ఒక విద్యార్థిని రాసింది. "తీరం గీసి, ఇసుక ఎక్కడ ఆగుతుందో చూపించమ్మా" అన్నాను. రేవుకు ఉత్తరాన గుర్తు పెట్టింది. అక్కడితో ఆపి ఉంటే ఆమెకు అన్యాయం జరిగేది. "ఇసుక అక్కడే పేరుకుంటే బీచ్ ఎందుకు కోతకు గురవుతుంది?" అని అడగగానే కాసేపు ఆలోచించి, గుర్తును చెరిపి దక్షిణానికి మార్చి, కారణం కూడా చెప్పింది. అర్థం కాని విద్యార్థి ఇక్కడ వ్యాసంలోని వాక్యాన్నే మళ్లీ చదువుతాడు.

ఆ తరువాత నేను అడిగేవి: "రేవులో పూడిక తీసిన ఇసుకను బీచ్‌లో పోయడం మానేస్తే ఏమవుతుంది?" "ఇసుక కదిలే దిశ తిరగబడితే నీ వ్యాసంలో ఏ వాక్యాలు మార్చాలి?" "నీ ఆధారాల్లో బలహీనమైనది ఏది?"

వ్యాసం ఇంగ్లీషులో ఉన్నా జవాబు తెలుగులో చెప్పనివ్వాలి. భయంతో మాట రాని పిల్లలూ ఉంటారు కనుక, ఒక్క వైవా ఆధారంగా ఎవరిపైనా కాపీ ముద్ర వేయకుండా మరో రోజు మళ్లీ పిలవాలని తోటి అధ్యాపకులను కోరుతున్నాను.

– ఒక అధ్యాపకుడు, విశాఖపట్నం