నీచ బుధుడైతే ఎంపీసీ వద్దా?

సంపాదకులకు,

పదో తరగతి ఫలితాల రోజుల్లో పత్రికల జ్యోతిష శీర్షికల్లో ఒకే జవాబు పదేపదే కనిపిస్తోంది: "బుధుడు నీచలో ఉన్నాడు, లెక్కలు రావు, ఎంపీసీ వద్దు." అది చదివి పిల్లల గ్రూపు మార్చేస్తున్న తల్లిదండ్రులున్నారు. బుధుడు ఏటా కొన్ని వారాలు తన బలం సన్నగిల్లే నీచ రాశి మీనంలో ఉంటాడు, అక్కడ వక్రిస్తే, అంటే వెనక్కి నడిస్తే, ఇంకా ఎక్కువ. ఆ వారాల్లో పుట్టిన వాళ్లంతా లెక్కల్లో మొద్దులేనా?

ఇప్పుడు ఇంటర్ వయసుకొచ్చిన పిల్లల జాతకమే చూద్దాం. 2011 మార్చి 20న బుధుడు మీనంలో సుమారు 24 డిగ్రీల వద్ద, అంటే పరమ నీచ స్థానమైన 15 డిగ్రీలు దాటి ఉన్నాడు. రవి 5 డిగ్రీల దగ్గర. ఇద్దరి మధ్య దూరం దాదాపు 19 డిగ్రీలు, 14 దాటింది కాబట్టి రవికి మరీ దగ్గరైతే వచ్చే అస్తంగత దోషం లేదు. రాశ్యధిపతి గురువు స్వక్షేత్రంలో బుధుడి పక్కనే ఉన్నాడు. దీన్ని నీచ దోషం తొలగే నీచభంగంగా చెబుతారు. కన్య నుంచి శని సప్తమ దృష్టితో చూస్తున్నాడు.

ఫలితం ఇలా చెప్పాలి. మీన బుధుడు విషయాన్ని మొత్తంగా పట్టుకుంటాడు, వివరాలు జారవిడుస్తాడు. లెక్క పద్ధతి తెలిసినా ప్లస్, మైనస్ గుర్తులూ యూనిట్లూ తప్పుతాయి. గురువు తోడుంటే అర్థం చెప్పి నేర్పినప్పుడే బుర్రకెక్కుతుంది, బట్టీ పనికిరాదు. శని దృష్టి వల్ల మాట నెమ్మది, ఆలోచించి గానీ నోరు విప్పడు. నోటితో చెప్పేదానికన్నా రాతలో మెరుగు. అలాంటి విద్యార్థి పాఠాన్ని పైకి చదివి, మర్నాడు చూడకుండా రాయాలి. పరీక్షలో చివరి పది నిమిషాలు గుర్తులు సరిచూసుకోవడానికే ఉంచుకోవాలి. న్యాయశాస్త్రం, చరిత్ర, భాషలు, బోధన సహజంగా నప్పుతాయి. లెక్కలు నిషిద్ధం కావు, అభ్యాసం ఎక్కువ కావాలి, అంతే.

అదే ఏప్రిల్ 9 నాటికి బుధుడు వక్రించి రవితో కలిసిపోయాడు. కుజుడూ మీనంలోకి వచ్చాడు. ఈ పిల్లల్లో తొందర, ఎదురు వాదన, ప్రశ్న పూర్తిగా చదవకుండానే జవాబు రాసే అలవాటు చూస్తారు. రాశి ఒకటే, సలహా వేరు.

పైగా బుధుడు ఒక్కడే విద్య కాదు. వాక్కుకు రెండో భావం, చదువుకు నాలుగు, బుద్ధికి అయిదు చూడాలి. రాశిని 24 భాగాలు చేసి విద్యకు చూసే చతుర్వింశాంశలో ఒక్కో భాగం డిగ్రీంబావు మాత్రమే. లగ్నం దాన్ని దాదాపు అయిదు నిమిషాల్లో దాటేస్తుంది. "ఉదయం ఏడు ప్రాంతం" అని రాసి పంపిన పుట్టిన వేళతో ఆ చక్రం వేయడమే తప్పు.

కాబట్టి ఈ శీర్షికల్లో గ్రూపు ఎంపికపై జవాబిచ్చేటప్పుడు బుధుడి డిగ్రీ, రవి నుంచి దూరం, దృష్టులు విధిగా ప్రచురించాలి. పుట్టిన సమయం ఆసుపత్రి రికార్డు ప్రకారం లేని ప్రశ్నలకు ఫలానా గ్రూపు వద్దని అచ్చువేయడం మానాలి. విద్యార్థి తొమ్మిది, పది తరగతుల లెక్కల మార్కులు కూడా అడిగితే మరీ మంచిది.

ఒక పాఠకుడు