ఈఆర్‌సీపీకి అనుమతి ఇచ్చే ముందు ఒక్క రిపోర్టు అడగండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

మా చెల్లికి 34 ఏళ్లు. పోయినేడాది కడుపు కుడివైపు నొప్పి వస్తే స్కాన్‌లో గాల్‌బ్లాడర్ రాళ్లు కనిపించాయి. పిత్తనాళం 6 మిల్లీమీటర్లు, బిలిరుబిన్ 0.9, రెండూ మామూలే. అయినా "నాళంలోకి రాయి జారిందేమో, చూసేద్దాం" అని నోట్లోంచి ఎండోస్కోప్ పంపి పిత్తనాళంలో రాళ్లు తీసే ఈఆర్‌సీపీ నేరుగా చేశారు. రాయి లేదు. ఆ రాత్రే వీపులోకి పొడుచుకుపోయే నొప్పి, వాంతులు, మర్నాడు రక్తంలో లైపేజ్ ఎంజైమ్ ఉండాల్సినదానికి పన్నెండు రెట్లు. పాంక్రియాటైటిస్, అంటే పాంక్రియాస్ అనే క్లోమగ్రంథికి వాపు అన్నారు, 11 రోజులు ఆసుపత్రిలోనే ఉంది.

ఈఆర్‌సీపీ చెడ్డదని నేననను. మా మామయ్యకు కామెర్లు, చలిజ్వరం, 14 మిల్లీమీటర్ల నాళం, అందులో రాయి. నోట్లోంచి చిన్నపేగు దాకా ఎండోస్కోప్ పంపి, పిత్తనాళం పేగులోకి తెరుచుకునే చోట చిన్న కోత పెట్టి, బెలూన్‌తో రాయిని కిందికి లాగేశారు. జ్వరం రెండ్రోజుల్లో తగ్గింది. అది చేయకపోతే మనిషి దక్కేవాడు కాదు.

చిక్కల్లా ఎక్కడంటే, పాంక్రియాస్ నాళం కూడా ఆ ద్వారం దగ్గరే తెరుచుకుంటుంది. పిత్తనాళంలోకి దారి వెతికే సన్నని తీగ పొరపాటున అటు వెళ్లినా, ఎక్స్‌రే మందు అటు ఎక్కినా, దారి దొరక్క పదేపదే పొడిచి ఆ చోటు వాచినా పాంక్రియాస్ రసం లోపలే నిలిచిపోయి వాపు మొదలవుతుంది. వయసులో ఉన్న ఆడవాళ్లకు, బిలిరుబిన్ మామూలుగా ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. అంటే అవసరం తక్కువున్న మా చెల్లిలాంటి వాళ్లకే దెబ్బ ఎక్కువ తగులుతుంది, ఇదేం లెక్కో!

అందుకే మొదటి విన్నపం. స్కాన్‌లో నాళంలో రాయి కనిపించినా, మా మామయ్యలా నాళానికి ఇన్ఫెక్షన్ సోకినా, బిలిరుబిన్ 4 దాటి నాళం వెడల్పైనా సరే, నేరుగా చేయొచ్చు. ఉత్త అనుమానమే అయితే ముందు నాళాలను ఎంఆర్‌ఐతో చూపే ఎంఆర్‌సీపీ స్కాన్ గానీ, ఎండోస్కోప్‌తో లోపలి నుంచి స్కాన్ చేసే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ గానీ తీయాలి. వాటికి పాంక్రియాస్ జోలికి వెళ్లే పనే లేదు. ఆరోగ్యశ్రీ అనుమతి అడిగినప్పుడు ఆ రిపోర్టు జతచేయమనండి.

రెండోది ఇంకా తేలిక. ప్రొసీజర్‌కి కాస్త ముందు మలద్వారంలో 100 మిల్లీగ్రాముల డైక్లోఫెనాక్ లేదా ఇండోమెథాసిన్ సపోజిటరీ పెట్టడం. కిడ్నీ జబ్బు, అల్సర్, ఆ మందులు పడకపోవడం లాంటివి ఉన్నవాళ్లకు తప్ప మిగతా అందరికీ పెట్టొచ్చు. 2012లో అమెరికాలో ముప్పు ఎక్కువున్న 602 మందిపై ఇండోమెథాసిన్ పరీక్షిస్తే (వాళ్లకు ప్రొసీజర్ అయిన వెంటనే పెట్టారు) పాంక్రియాటైటిస్ 16.9 శాతం నుంచి 9.2కి పడింది. పూర్తిగా పోదు, నిజమే. తీగ మాటిమాటికీ పాంక్రియాస్‌లోకి వెళ్తుంటే అక్కడ చిన్న ప్లాస్టిక్ స్టెంట్ వదిలితే రసం బయటికి పారుతుంది, అది చాలాసార్లు దానంతటదే జారిపోతుంది, కొన్ని రోజులకు ఎక్స్‌రేలో చూసుకోవాలి.

మా చెల్లి కేస్‌షీట్ తర్వాత తెప్పించుకుని చదివాను. తీగ నాలుగుసార్లు పాంక్రియాస్‌లోకి వెళ్లిందని రాశారు. సపోజిటరీ ఊసు లేదు, స్టెంట్ ఊసు లేదు. డబ్బు చెల్లించే ముందు ఈ రెండూ పెట్టారా, పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో రాయమని ఫారంలో రెండు గడులు చేర్చండి సార్.