వినేవాళ్ళు నలుగురు కావాలి

తిరుపతి,
గురువారం రాత్రి

ప్రియమైన చిట్టీ,

నీ ఉత్తరం సోమవారమే అందింది. జవాబు ఆలస్యమైనందుకు తిట్టుకోకు. నిన్ననే మా మూడో తరగతిలో ఇంటి పెద్దలను పిలిచి పిల్లల చేత పుస్తకాలు చదివించే కార్యక్రమం అయింది, ఆ హడావిడిలో రాత్రుళ్ళు అన్నం తిన్నానో లేదో కూడా గుర్తులేదు. చిత్తూరులో నువ్వూ మీ తరగతికి ఇలాంటిది పెట్టాలనుకుంటున్నానని, తల్లిదండ్రులకు పంపిన సందేశం ఒకసారి చూపించమని అడిగావు. చూపిస్తాను. దానికంటే ముందు జూలైలో పంపిన పాత సందేశం గురించి చెప్పాలి, లేకపోతే ఈ కొత్తది ఎందుకు ఇలా తయారైందో నీకు అర్థం కాదు.

అప్పుడు ఏమి రాశానో తెలుసా? 'శనివారం మన తరగతిలో పఠన కార్యక్రమం కలదు. తల్లిదండ్రులందరూ పాల్గొని జయప్రదం చేయగలరని మనవి.' పెళ్ళి పత్రికలా ఉంది కదూ! వాట్సాప్ గ్రూపులో ఇరవై రెండు బొటనవేళ్ళు లేచాయి. మురిసిపోయాను. శనివారం నాడు వచ్చింది నలుగురు. అందులో ఒకాయన పదకొండు గంటలకు వచ్చారు, అప్పటికి పిల్లలు లెక్కలు చేసుకుంటున్నారు. పైగా శనివారం పెట్టడమే నా బుద్ధి తక్కువ. మా పిల్లల తండ్రుల్లో సగం మంది టాక్సీలు, ఆటోలు నడుపుతారు, లాడ్జీల్లో పని చేస్తారు. కొండకు జనం పోటెత్తే రోజున వాళ్ళను బడికి రమ్మన్నాను!

వచ్చిన నలుగురిలో ఒక తల్లి నా దగ్గరకు వచ్చి, 'నేనేమి చేయాలి మేడం?' అని అడిగింది. 'పిల్లలకు ఏదైనా చదివి వినిపించండమ్మా' అని చేతిలో ఒక పుస్తకం పెట్టాను. ఆవిడ దాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది, మొదటి పేజీ మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. ఏడో తరగతి తరువాత ఏదీ పైకి వినబడేలా చదివింది లేదట. ఎదురుగా ఆరుగురు పిల్లలు, అందులో ఒకడు ఆవిడ కొడుకే. ఆ ముఖం నాకు చాలా రోజులు కళ్ళలో మెదిలింది. రమ్మని పిలిచి, ఏమి చేయాలో చెప్పకుండా జనం ముందు నిలబెట్టింది నేనే.

అందుకే ఈసారి సందేశం రాయడానికి ముందు కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క వేశాను. మా తరగతిలో 34 మంది. సగం మంది, అంటే 17 మంది, కథ వింటారు. మిగిలిన 17 మంది ఒక్కొక్కరూ ఒక పెద్దవారి పక్కన కూర్చుని పైకి చదువుతారు. తరువాత అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు. మూడో తరగతి పిల్లవాడు ఒక పేజీ చదివి, బొమ్మ చూసి, దాని గురించి ఒక మాట చెప్పడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. విడతకు ఇరవై నిమిషాలు అనుకుంటే ఒక పెద్దవారు నలుగురి చేత, మహా అయితే ఐదుగురి చేత చదివించగలరు. కాబట్టి వినడానికి నలుగురు కావాలి. కథకు ఐదారుగురు పిల్లలకు ఒకరు చొప్పున ముగ్గురు. పుస్తకాల దగ్గర ఒకరు, గంట దగ్గర ఒకరు. మొత్తం తొమ్మిది మంది. 'అందరూ రండి' అనే మాటకు, 'తొమ్మిది మంది కావాలి' అనే మాటకు ఎంత తేడా ఉందో అప్పుడు తెలిసింది. అందరినీ పిలిస్తే ఎవరో ఒకరు వెళ్తారులే అనుకుంటారు. తొమ్మిది అంటే వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటారు.

ఇదిగో, చివరికి పంపిన సందేశం ఉన్నది ఉన్నట్టు:

'నమస్కారం. వచ్చే బుధవారం ఉదయం మూడో తరగతి పిల్లల చేత పుస్తకాలు చదివిస్తున్నాం. తొమ్మిది మంది పెద్దల సాయం కావాలి. అమ్మ, నాన్న, అవ్వ, తాత ఎవరైనా రావచ్చు.

1. కథ చదివి వినిపించేవారు: ముగ్గురు. 9:00కు రావాలి. పుస్తకం సోమవారం సాయంత్రమే ఇంటికి పంపుతాం.
2. పిల్లల చేత చదివించేవారు: నలుగురు. 9:00కు రావాలి. పిల్లలు చదువుతారు, మీరు పక్కన కూర్చుని వింటే చాలు. మీకు చదవడం రానవసరం లేదు.
3. పుస్తకాల బల్ల దగ్గర: ఒకరు. 8:45కు రావాలి. 10:30 వరకు ఉండాలి.
4. గంట కొట్టి పిల్లలను మార్చేవారు: ఒకరు. 9:00కు రావాలి.

మొదటి విడత 9:20 నుంచి 9:40 వరకు. రెండో విడత 9:45 నుంచి 10:05 వరకు. పుస్తకాల బల్ల దగ్గరివారు తప్ప అందరూ 10:15కు వెళ్ళిపోవచ్చు.

వచ్చేవారు మీ పిల్లల పేరు, పని అంకె ఆదివారం రాత్రి 8 గంటల లోపు నాకు విడిగా పంపండి. రాలేనివారు జవాబు ఇవ్వనక్కరలేదు. చంటిపిల్లలను తీసుకురావద్దు. ఫొటోలు, వీడియోలు తీయవద్దు.'

ఇంతే. ఇందులో 'రాలేనివారు జవాబు ఇవ్వనక్కరలేదు' అన్న వాక్యం చూశావా? అది రాయకపోతే గ్రూపులో 'సారీ మేడం' అని ముప్పై సందేశాలు వచ్చి, అసలు సందేశం ఎక్కడో పైకి వెళ్ళిపోతుంది. విడిగా పంపమన్నదీ అందుకే. ఇంకో సంగతి. చాలా ఇళ్ళలో ఫోను తండ్రి జేబులో ఉంటుంది, సందేశం తల్లి దాకా రాదు. అందుకని ఇదే విషయాన్ని చిన్న చీటీ మీద రాసి పిల్లల డైరీలో అంటించాను, అంకెకు సున్నా చుట్టి పంపితే చాలునని. చదవడం రానివాళ్ళ కోసం నా గొంతుతో చదివి గ్రూపులో పెట్టాను కూడా. చదవడం రానవసరం లేదని అక్షరాల్లో రాసి ఊరుకుంటే ఆ మాట చేరాల్సినవాళ్ళకు ఎలా చేరుతుంది చెప్పు? సగం జవాబులు ఆ గొంతు విన్నాకే వచ్చాయి.

అయినా చిక్కు రానే వచ్చింది. ముందు పంపినప్పుడు రెండో పనికి 'వినేవారు' అని మాత్రమే రాశాను. శుక్రవారం నాటికి కథ చెప్పడానికి ఆరుగురు ముందుకు వచ్చారు, వినడానికి ఒక్కరంటే ఒక్కరే! ఊరికే కూర్చునే పనికి ఎందుకులే అనుకున్నారు. అప్పుడు పేరు మార్చి 'చదివించేవారు' అన్నాను, కథకు పేరిచ్చినవాళ్ళలో ముగ్గురికి ఫోను చేసి ఇటు రమ్మని బతిమాలాను. నువ్వు మొదటిసారే ఆ మాట వాడు. పని పేరులో పని కనిపించాలి.

చదివించడానికి వచ్చిన ఆ మొదటి ఒక్కరూ ఎవరనుకున్నావు? కొర్లగుంట నుంచి ఒక తాత. ఆటో నడిపేవాడు, ఇప్పుడు మానేశాడు. అక్షరం ముక్క రాదు. బుధవారం తొమ్మిదికి పది నిమిషాల ముందే ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి వరండాలో కూర్చున్నాడు. వచ్చిన నలుగురికీ నేను చెప్పింది ఒకటే. పిల్లవాడు వేలు పెట్టి చదువుతాడు. ఎక్కడైనా ఆగితే మనసులో ఐదు లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే ఆ మాట కింద పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి, 'పోనీ, ముందుకు పో నాయనా' అనండి. తప్పు చదివినా దిద్దవద్దు. ఆ ఐదు అంకెల ఓపిక చదువుకున్నవాళ్ళకే కష్టమైంది. ఒక తల్లి అయితే పిల్ల నోరు తెరిచేలోపే మాట అందించేసేది. మా తాతకు అందించడానికి మాట తెలియదు కాబట్టి హాయిగా ఎదురుచూశాడు.

ఒక పాప 'ఆశ్చర్యం' దగ్గర ఆగింది. తాత లోపల లెక్కపెడుతున్నట్టు బొటనవేలు కణుపుల మీద కదులుతోంది. నాలుగో కణుపు దగ్గర పాప 'ఆ... శ్చ... ఆశ్చ... ర్యం' అని కూడబలుక్కుని, ఒక్కసారిగా మొత్తం పలికింది. తాత పెన్సిలు చెవి వెనుక పెట్టేసుకున్నాడు. నేను కిటికీ అవతల నుంచి చూస్తున్నాను, లోపలికి వెళ్ళి ఒక మాట అందామనుకుని ఆగిపోయాను.

సాయంత్రం ఆ చుక్కలన్నీ ఒక కాగితం మీదకు ఎక్కించాను. ఇరవై ఆరు చుక్కల్లో పంతొమ్మిది ఒత్తుల దగ్గరే. అందులోనూ 'రాష్ట్రం', 'స్త్రీ' లాంటి మాటల్లో మూడు హల్లులు కలిసిన అక్షరాలు, 'విజ్ఞానం'లో జ్ఞ. గుణింతాల దగ్గర పెద్దగా ఆగలేదు. నేనేమో ఇన్నాళ్ళూ గుణింతాలే రుద్దుతున్నాను!

జరగకూడనిది కూడా ఒకటి జరిగింది. 17 మందిని నలుగురికి పంచితే ఒకరి దగ్గర ఐదుగురు పడతారు కదా. ఐదుగురికి నాలుగేసి నిమిషాలంటే సరిగ్గా ఇరవై. లేచి కూర్చునే వ్యవధి కూడా లేదు. ఒక విడతలో ఐదోవాడు రెండు వాక్యాలు చదివాడో లేదో గంట మోగింది. వాడు రోజంతా మూతి ముడుచుకున్నాడు. మరునాడు ఉదయం, అంటే ఇవాళ, నేనే పక్కన కూర్చుని చదివించాను. వచ్చేసారి చదివించేవారు ఐదుగురు. నీ తరగతిలో 28 మంది అన్నావు కాబట్టి విడతకు 14 మంది, నలుగురు పెద్దలతో సరిపోతుంది. ఎవరి దగ్గరా నలుగురికి మించరు.

అదనంగా ఇద్దరి పేర్లు కూడా రాసి పెట్టుకో. మంగళవారం సాయంత్రం అందరికీ విడివిడిగా 'రేపు 9:00కు, రెండో పని' అని ఒక్క ముక్క పంపాను. వెంటనే ఒకరు డ్యూటీ మారిందని చెప్పారు. బుధవారం పొద్దున చెప్పి ఉంటే నా పని గోవిందా.

రోజు సంగతి నీ ఊరిని బట్టి చూసుకో. నేను తిరుచానూరు బ్రహ్మోత్సవాల వారం వదిలేశాను. నీకు కాణిపాకం బ్రహ్మోత్సవాలు ఉంటాయి, మామిడికాయల రోజుల్లో గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్ళే తల్లులు ఉంటారు. ముందు పిల్లలను అడుగు, ఇంట్లో ఎవరు ఏ రోజు ఖాళీగా ఉంటారో వాళ్ళకు మనకంటే బాగా తెలుసు. తమిళం మాత్రమే చదవగలిగే తల్లులు మీ వైపు ఇంకా ఎక్కువ. వాళ్ళకు రెండో పని ముందుగా చెప్పు.

జూలైలో పుస్తకం పట్టుకుని నిలబడిపోయిన ఆ తల్లి ఈసారి ఏ పనికి వచ్చిందో చెప్పలేదు కదూ. మొదటి పనికి. సోమవారం పంపిన పుస్తకాన్ని రెండు రాత్రులు కొడుకుకే చదివి వినిపించిందట. 'వాడికి కథ మొత్తం ముందే తెలిసిపోయింది మేడం, పరవాలేదా?' అని అడిగింది.

నీ సందేశం రాసాక గ్రూపులో పెట్టే ముందు నాకు పంపు. 'జయప్రదం' అన్న మాట కనిపిస్తే కొట్టేస్తాను.

నీ
బుజ్జి